ఇరవై కిలోల గీత: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను విశాఖలో గంజాయి కేసులు వాదించే న్యాయవాదిని. మాదకద్రవ్యాల నేరాలకు శిక్షలు చెప్పే ఎన్డీపీఎస్ చట్టంలో, గంజాయికి సంబంధించిన ఇరవయ్యో సెక్షన్ గురించి మీకు రాస్తున్నాను.

ఏజెన్సీ నుంచి ఇద్దరు కూలీలు, ఒకే వ్యాపారి ఇచ్చే కూలికి, చెరో గంజాయి మూట తెస్తూ దొరికారనుకోండి. ఒకరి మూట 19 కిలోల 800 గ్రాములు తూగింది, రెండోవారిది 20 కిలోల 200. ఇరవై దాటితే అది వాణిజ్య పరిమాణం. మొదటివారికి పదేళ్ల దాకా వేయొచ్చు గానీ కనీస శిక్ష లేదు, ఏడాదితో సరిపెట్టినా చట్టం ఒప్పుకుంటుంది. రెండోవారికి పదేళ్లలో ఒక్క రోజు తగ్గించే వీల్లేదు, పైగా కనీసం లక్ష జరిమానా. అది తొలి నేరమని తెలిసినా, అసలు వ్యాపారి దొరకనేలేదని తెలిసినా జడ్జి చేతులు కట్టేసినట్టే.

అందరికీ ఒకే శిక్ష పడాలనే కదా ఇలా పెట్టారు. కానీ ఆ తూకం ఎలా జరుగుతుందో చూడండి. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. రోడ్డు పక్కన మాత్రం ఆకు, కాడ, తడి అన్నీ కలిపి బస్తాను కాటా మీద పెట్టేస్తుంటారు. పచ్చి సరుకు ఆరితే బరువు తగ్గిపోతుంది. రెండు బస్తాలుంటే చెరొకరి పేరున రాయాలా, ఇద్దరిదీ కలిపి చూపాలా అన్నది కూడా పట్టుకున్నవారి చేతిలోనే ఉంటుంది. అంటే విచక్షణ ఎక్కడికీ పోలేదు, జడ్జి దగ్గర నుంచి పోలీసుల దగ్గరికి మారింది. జడ్జి అయితే తీర్పులో కారణాలు రాయాలి, వాటి మీద అప్పీలు వేయొచ్చు. పంచనామాలో ఆ కారణాలేవీ ఉండవు.

జడ్జికి పూర్తిగా వదిలేసినా ఇబ్బందేనని ఒప్పుకుంటాను. 19 కిలోల కేసులో ఒక కోర్టు రెండేళ్లు, మరో కోర్టు ఏడేళ్లు వేస్తే అడ్డుకునే కొలమానం లేదు. శిక్షలకు మార్గదర్శకాలు కావాలని, నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల కోసం వేసిన మలిమత్ కమిటీ 2003లోనే చెప్పింది.

ఈ చట్టంలోనే 32బీ సెక్షన్ ఉంది. కనీసం కంటే ఎక్కువ శిక్ష వేసేటప్పుడు ఏం చూడాలో అందులో రాశారు: ఆయుధం వాడారా, మైనర్లను దించారా, అంతర్జాతీయ ముఠాతో సంబంధం ఉందా. తగ్గించడానికి మాత్రం ఒక్క అంశమూ లేదు.

అందుకే నేను అడిగేది చిన్న సవరణ. తొలి నేరం, కేవలం మోత కూలి, లాభంలో వాటా లేకపోవడం, ఈ మూడూ రుజువైతే పదేళ్ల కంటే తక్కువ వేసే అధికారం జడ్జికివ్వండి, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలన్న షరతుతో. అత్యాచారం కేసుల్లో ఇలాంటి వెసులుబాటు ఉండేది. 'తగిన, ప్రత్యేక కారణాలు' అని మాత్రమే రాసి వదిలేశారు, 2013లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఈసారి ఆ కారణాలేమిటో చట్టంలోనే రాయండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక న్యాయవాది