తీర్మానం నిజమే, అయినా అనుసరించదు

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మా వీధి పిల్లలకు సాయంత్రాలు రీజనింగ్ చెబుతుంటాను. ద్వారకానగర్‌లో ఒక శిక్షణ సంస్థ పంచిన మోడల్ పేపర్‌ను వాళ్లు ఈమధ్య నా దగ్గరకు పట్టుకొచ్చారు. అందులో ఒక సిలాజిజం ప్రశ్నకు, అంటే ఇచ్చిన ప్రకటనల నుంచి తీర్మానం వస్తుందో లేదో తేల్చమనే ప్రశ్నకు, ఇచ్చిన కీ తప్పు. అచ్చుతప్పయితే దిద్దుకుని ఊరుకునేవాళ్లం. ఇది పిల్లలు ఆలోచించే తీరునే పక్కదారి పట్టించే తప్పు కాబట్టి మీకు రాస్తున్నాను.

ప్రశ్న ఇది. మొదటి ప్రకటన: నౌకాశ్రయం ఉన్న నగరాలన్నీ తీర నగరాలే. రెండో ప్రకటన: విశాఖపట్నం తీర నగరం. తీర్మానం: విశాఖపట్నానికి నౌకాశ్రయం ఉంది. కీలో 'అనుసరిస్తుంది' అని వేశారు. సరైన జవాబు 'అనుసరించదు'.

ఆ మాట చెప్పగానే ఒక అమ్మాయి గట్టిగా అడ్డుపడింది. "1933 నుంచీ మనకు పోర్టుంది కదా మేడం, లేదని ఎలా రాస్తాం?" అంది. తను అడిగిన దాంట్లోనే అసలు చిక్కంతా ఉంది. 'అనుసరించదు' అంటే 'అబద్ధం' అని అర్థం కాదు. పోర్టు ఉందా లేదా అని ప్రశ్న అడగడం లేదు. ఇచ్చిన ఆ రెండు వాక్యాలే మనకు తెలిసి, ఇంకేమీ తెలియకపోతే, పోర్టు ఉండి తీరాలని చెప్పగలమా అని అడుగుతోంది. చెప్పలేం.

బొమ్మ గీస్తే ఇది తేలిపోతుంది. తీర నగరాలకు ఒక పెద్ద వలయం, దాని లోపల నౌకాశ్రయ నగరాలకు ఒక చిన్న వలయం. మొదటి ప్రకటన చెప్పింది ఇంతే. రెండో ప్రకటన విశాఖను పెద్ద వలయంలో పెట్టమంటోంది. చిన్న వలయంలో పెట్టాలా, దాని బయట పెట్టాలా అన్నది చెప్పలేదు. చుక్కను రెండు చోట్లా పెట్టవచ్చు, ఎక్కడ పెట్టినా ప్రకటనలు చెడవు. కుదిరే బొమ్మలన్నింటిలోనూ నిలబడితేనే తీర్మానం అనుసరించినట్టు. ఇక్కడ ఒక బొమ్మలో నిలబడుతుంది, రెండోదాంట్లో కూలిపోతుంది.

పిల్లలకు అప్పటికీ నమ్మకం కుదరలేదు. విశాఖ అన్న మాట చెరిపి అక్కడ పూరీ అని రాయించాను. నౌకాశ్రయం ఉన్న నగరాలన్నీ తీర నగరాలే, పూరీ తీర నగరం, కాబట్టి పూరీకి నౌకాశ్రయం ఉంది. జగన్నాథుడి దర్శనానికి వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ఇది తప్పని చెబుతారు. సరకు ఓడలు ఆగేది పారాదీప్‌లో గానీ పూరీలో కాదు. వాదన అచ్చు గుద్దినట్టు అదే, మారింది ఊరి పేరొక్కటే. పూరీ విషయంలో తప్పుదారి పట్టించిన వాదన విశాఖ విషయంలో సరైన చోటికి చేరడం కేవలం యాదృచ్ఛికం. మనకు ముందే తెలిసిన నిజం ఆ వాదనకు అండగా నిలబడింది, అంతే.

ఇప్పుడు మొదటి ప్రకటనను తిరగేసి చూడండి: తీర నగరాలన్నింటికీ నౌకాశ్రయం ఉంది. విశాఖపట్నం తీర నగరం. కాబట్టి విశాఖపట్నానికి నౌకాశ్రయం ఉంది. ఈసారి తీర్మానం నిక్కచ్చిగా అనుసరిస్తుంది. చిత్రమేమిటంటే ఈ మొదటి ప్రకటన లోకంలో నిజం కాదు, పూరీయే అందుకు సాక్ష్యం. అయినా ఈ పరీక్షల్లో ప్రశ్న పైన ఉండే సూచన స్పష్టంగానే ఉంటుంది: లోకానికి విరుద్ధంగా కనబడినా ఇచ్చిన ప్రకటనలను నిజమనే తీసుకోవాలి. మా వాళ్లలో ఒకబ్బాయి కోల్‌కతా హుగ్లీ నది మీది రేవు, సముద్రతీరంలో లేదు, కాబట్టి అసలు ప్రశ్నలోని మొదటి ప్రకటనే తప్పు అన్నాడు. భూగోళం బాగా చదువుకున్నాడని సంతోషించాను. కానీ అతనూ, పోర్టు ఉంది కదా అన్న అమ్మాయీ చేసింది ఒకటే పని. ఇద్దరూ బయటి సంగతులను ప్రశ్నలోకి తెచ్చారు.

ఈ పొరపాటు మన పిల్లలది మాత్రమే కాదు. 1983లో ఇంగ్లండ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ ఎవాన్స్, ఆయన సహచరులు దీనిమీద ప్రయోగాలు చేశారు. ప్రకటనల నుంచి రాని తీర్మానాలే అయినా, వినడానికి నమ్మదగ్గవిగా ఉంటే 71 శాతం సార్లు జనం వాటిని సరే అన్నారు. నమ్మశక్యం కానివైతే సరే అన్నది 10 శాతమే. వాదన రూపంలో తేడా లేదు, తేడా నమ్మకంలోనే.

దీన్ని పట్టుకునే ఉపాయం మన తర్కశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో ఇచ్చిన ఉదాహరణ చూడండి. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే కొండ తెలుసుకోదగిన వస్తువు. కొండ మీద నిజంగానే నిప్పు ఉండవచ్చు. అయినా ఈ హేతువు చెల్లదంటాడాయన. నిప్పు లేని మడుగు కూడా తెలుసుకోదగిన వస్తువే కదా! హేతువు నిప్పున్న చోటా లేని చోటా ఉంటే అది దేన్నీ రుజువు చేయదు. ఇలాంటి దాన్ని సాధారణ అనైకాంతికం అన్నారు. మన ప్రశ్నలో పూరీ చేసిన పని ఆ మడుగు చేసిన పనే.

పరీక్ష హాలులో ఇన్ని ఊళ్లు తలుచుకునే వ్యవధి ఉండదు. అందుకే పేర్లు తీసేసి అక్షరాలు పెట్టుకోమని చెబుతాను. క లన్నీ చ లే. ట ఒక చ. కాబట్టి ట ఒక క. ఇలా రాసుకుంటే మన నమ్మకానికి పట్టు దొరకదు, చూపు వాక్యాల మీదే నిలుస్తుంది. పూరీ లాంటి ఎదురు ఉదాహరణకు ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి. అది దొరికితే తీర్మానం అనుసరించదని తేలిపోయినట్టే. దొరకనంత మాత్రాన అనుసరిస్తుందని తేలదు. అప్పుడు కుదిరే బొమ్మలన్నీ గీసి చూడవలసిందే.

బ్యాంకు పరీక్షల్లో మరో మెలిక ఉంది. ఇవే ప్రకటనలు ఇచ్చి, తీర్మానాన్ని 'విశాఖపట్నానికి నౌకాశ్రయం ఉండే అవకాశం ఉంది' అని మారిస్తే జవాబు 'అనుసరిస్తుంది' అవుతుంది. దానికి కుదిరే బొమ్మ ఒక్కటున్నా చాలు. 'ఉంది' అన్నదానికీ 'ఉండే అవకాశం ఉంది' అన్నదానికీ తేడా పట్టుకోలేకపోతే మార్కు రాకపోవడమే కాదు, నెగటివ్ మార్కుల కింద పావు మార్కు కోత కూడా. తప్పు కీని నమ్మి సాధన చేసిన పిల్లలకు ఈ నష్టం ఒక్క ప్రశ్నతో ఆగదు.

నా విన్నపాలు రెండు. మీ విద్యా పేజీలో మోడల్ ప్రశ్నలు వేసినప్పుడు 'అనుసరించదు' అన్న ప్రతి జవాబు పక్కన ఒక ఎదురు ఉదాహరణ అచ్చువేయండి. ఒక్క వాక్యం చాలు, స్థలం పెద్దగా పట్టదు. నగరంలో పేపర్లు తయారుచేసే సంస్థలు కూడా కీ విడుదలకు ముందు ప్రతి సిలాజిజాన్నీ ఒకసారి పేర్లు తీసేసి అక్షరాలతో సరిచూడాలి. ప్రశ్న రాసినవారే కాకుండా, ప్రశ్నను అక్షరాల రూపంలోనే మొదటిసారి చూసే మరొకరు ఆ పని చేయాలి. రాసినవారికి అసలు పేర్లు ఎలాగూ గుర్తుంటాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం