ఏ కారు ఎక్కువ దొంగలపాలవుతోందో కొనేవారికీ చెప్పండి

సంపాదకుడికి,

తిరుపతి షోరూముల్లో మైలేజీ, ఎయిర్‌బ్యాగుల గురించి ఆరా తీసేవారే గానీ, ఈ మోడల్ ఎంతగా దొంగతనానికి గురవుతోందని అడిగేవారు అరుదు. అడిగినా సేల్స్‌మన్ దగ్గర జవాబుండదు. ఆ లెక్క ఉండవలసింది బీమా సంస్థల దగ్గర.

ఉత్త సంఖ్య ఇస్తే మాత్రం మోసపోతాం. ఉదాహరణకు ఒక మోడల్‌కి 20,000 పాలసీలుండి 40 కార్లు పోయాయనుకుందాం. మరో మోడల్‌కి 3,000 పాలసీలే, పోయినవి 15. పేపర్లో మొదటిదే దొంగలకు ఇష్టమైన కారుగా కనిపిస్తుంది. వెయ్యికి లెక్కగడితే మొదటిది 2, రెండోది 5. అమెరికాలో బీమా సంస్థల పరిశోధన విభాగం ఇలాగే మోడళ్లవారీగా లెక్క వేస్తుంది. 2015 నాటికి అక్కడ మిగతా కంపెనీల మోడళ్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉండగా, హ్యుందాయ్, కియాల్లో 26 శాతానికే ఉందని, ఆ రెండింటి దొంగతనాలు పెరగడానికి అదే కారణమని అలాగే బయటపడింది. తాళంలోని చిప్ కోడ్ కలవకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటే ఇమ్మొబిలైజర్.

మన దగ్గర సొంత బండికి జరిగే నష్టానికీ, దొంగతనానికీ వర్తించే ఓన్ డ్యామేజ్ బీమా ప్రీమియంను ప్రధానంగా పాలసీలో బండికి కట్టిన విలువ అంటే ఐడీవీ, ఇంజిన్ సీసీ, వయసు, జోన్ చూసి లెక్కగడతారు. దొంగతనం నిరోధించే పరికరానికి రాయితీ ఉంది, పాత టారిఫ్ నుంచి వస్తున్నదే: ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా రూ.500. ప్రీమియం రూ.12,000 అయితే దక్కేది రూ.300. అదీ వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదం ఉన్న పరికరమై, బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువీకరిస్తేనే. బజారులో కొన్న అలారానికి పైసా తగ్గదు. మూడొందల కోసం ఎవరు తిరుగుతారు?

అయినా గేర్ లాక్ వేయించుకోవడం నష్టం కాదు. స్టీరింగ్ కింద కారు కంప్యూటర్‌కు కలిపే ఓబీడీ పోర్టుకు యంత్రం తగిలించి కొత్త తాళానికి కోడ్ ఎక్కించే దొంగను ఇమ్మొబిలైజర్ ఆపలేదు. ఇనుప తాళం కోయడానికి వాడికి టైం పడుతుంది, చప్పుడూ అవుతుంది.

ఇంకో చిక్కు. కొత్త కారుకు ఎదుటివారి నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమా మూడేళ్లు ఉందని నిశ్చింతగా ఉంటారు. సాధారణంగా దానితో వచ్చే ఓన్ డ్యామేజ్ గడువు ఏడాదే. రెండో ఏడు అది కట్టకపోతే, అలిపిరి దగ్గర ఆపిన కారు పోయినా దొంగతనం క్లెయిము రాదు. పాలసీ కాగితంలో రెండు తేదీలూ చూసుకోవాలి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, క్లెయిముల సమాచారం సేకరించే బీమా సమాచార సంస్థ, రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వెయ్యి పాలసీలకు ఎన్ని దొంగతనం క్లెయిములో మోడల్, తయారీ సంవత్సరం వారీగా ఏటా ప్రకటించాలి. రూ.500 పరిమితినీ ఎత్తేయాలి.

– ఒక మోటారు బీమా ఏజెంటు, తిరుపతి