పొరపాటున వెళ్లిన సొమ్ముకు తాత్కాలిక నిలుపుదల కావాలి

ఖాతా నంబరులో ఒక అంకె తప్పుపడి వేరొకరికి చేరిన డబ్బును వెనక్కి రాబట్టుకోవడం ఇప్పటికీ అవతలి వ్యక్తి దయాదాక్షిణ్యాల మీదే ఆధారపడి ఉంది. మా పక్కింటివారు ఇంటి అద్దె 12,000 రూపాయలు ఇలాగే వేరే ఖాతాకు పంపి, గంటలోనే యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరుతో బ్యాంకుకు వెళ్లారు. ఆ ఖాతాదారు ఒప్పుకుంటేనే సొమ్ము వెనక్కి వస్తుందని బ్యాంకువారు అన్నారు, అతని వివరాలు చెప్పడం కుదరదన్నారు. ఈలోగా అతను డబ్బు డ్రా చేసేశాడు. నెఫ్ట్ అనే బ్యాంకు బదిలీ పద్ధతిలో సొమ్ము జమయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరు సరిపోయిందా అని చూడరు. పంపే ముందే పేరు చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు శాఖలోనూ ఇది ఉచితమే, కానీ అడగనిదే చెప్పేవారేరీ? యూపీఐలో పేరు కనిపిస్తుంది, నిజమే. అయినా పిన్ కొట్టాక అది మన సమ్మతితో జరిగిన చెల్లింపే అవుతుంది, ఫెయిలైన లావాదేవీలా దానంతట అదే తిరిగి రాదు. కాబట్టి ఫిర్యాదు అందిన రోజే, ఆ ఖాతాలో మిగతా డబ్బు జోలికి పోకుండా, వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రం కొద్ది రోజులు ఆపి ఖాతాదారు వివరణ తీసుకునేలా రిజర్వు బ్యాంకు నిబంధన తేవాలి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం