ముగియని వారపు క్యాండిల్‌తో సిగ్నల్ ఇచ్చి, తర్వాత చార్ట్ నుంచి తీసేయడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో డబ్బు కట్టి వాడే 'మూడు టైమ్‌ఫ్రేమ్‌ల సిగ్నల్'లో లోపం, చందా వాపసు గురించి.

ఆర్యా,

మీ యాప్‌లో ఈ సిగ్నల్ కోసం ఏడాది చందా కట్టాను. వీక్లీలో ట్రెండ్, డైలీలో స్ట్రక్చర్, గంట చార్ట్‌లో ఎంట్రీ, ఈ మూడూ ఒకే వైపు ఉన్నప్పుడే ఆకుపచ్చ బాణం వస్తుందని మీ పేజీలో రాశారు. పద్ధతితో నాకు పేచీ లేదు, నేను ట్రేడ్ చేసేదీ అలాగే. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం రాసినట్టు చేయడం లేదు. ఒక్క సోలానా ట్రేడ్ తీసుకుని అది ఎక్కడ తప్పుతోందో చూపిస్తాను. స్క్రీన్‌షాట్లు జతచేశాను, ప్రతిదాని మీదా తేదీ, సమయం ఉన్నాయి.

ముందటి వారం సోలానా 143 డాలర్ల దగ్గర ముగిసింది. అప్పటికి 20 వారాల సగటు గీత, ఈఎంఏ, 146 దగ్గరుంది. అంటే చివరిగా ముగిసిన వారం ప్రకారం ధర ఆ గీతకు కిందే ఉంది, వీక్లీ ట్రెండ్ కొనమని చెప్పడం లేదు. కొత్త వారం మొదట్లో ధర 148 దగ్గరున్న డైలీ రెసిస్టెన్స్ దాటి 153 దాకా పోయింది. బుధవారం 146కి దిగి నిలబడింది. డైలీలో ఇది చక్కని స్ట్రక్చర్: దాటిన చోటికి వెనక్కి వచ్చింది, కిందటి స్వింగ్ కనిష్ఠం కంటే పైనే ఆగింది. గంట చార్ట్‌లో ఆ దిగుడులో ఏర్పడిన చివరి చిన్న శిఖరం 149.5. గురువారం రాత్రి 9:30కి ఒక గంట క్యాండిల్ 150.2 దగ్గర, ఆ శిఖరానికి పైన ముగిసింది. వెంటనే మీ బాణం వచ్చింది, పక్కనే మూడు గడులూ ఆకుపచ్చగా వెలిగాయి.

బాణం చూసి 150.2కే కొన్నాను. డైలీ స్వింగ్ కనిష్ఠానికి కింద, 145 దగ్గర స్టాప్ లాస్ పెట్టాను. ఒక్క ట్రేడ్‌లో వంద డాలర్ల కంటే ఎక్కువ పోకూడదన్నది నా నియమం. ఎంట్రీకీ స్టాప్‌కీ మధ్య 5.2 డాలర్లు కాబట్టి 19 కాయిన్లు తీసుకున్నాను. శనివారం రాత్రి ధర 145 కిందికి పోయి స్టాప్ తగిలింది. చార్జీలు కాక 98.8 డాలర్లు పోయాయి. వారం 141 దగ్గర ముగిసింది.

ట్రేడ్‌లో పోయిన డబ్బు మిమ్మల్ని అడగడం లేదు. స్టాప్ ఉన్నదే అందుకు. నా ఫిర్యాదు సోమవారం ఉదయం కనిపించినదాని గురించి.

వారపు క్యాండిల్ యూటీసీ ప్రకారం ఆదివారం అర్ధరాత్రి ముగుస్తుంది, మనకది సోమవారం ఉదయం 5:30. ఆ తర్వాత యాప్ తెరిస్తే గురువారం నాటి బాణం లేదు. వీక్లీ గడి ఆ వారమంతా ఎర్రగానే ఉన్నట్టు చూపిస్తోంది. గురువారం రాత్రి తీసిన స్క్రీన్‌షాట్‌లో బాణం ఉంది, సోమవారం తీసినదానిలో అదే చోట ఏమీ లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని కోరుతున్నాను.

కారణం ఇది. మీ వీక్లీ గడి ముగిసిన వారాన్ని కాకుండా నడుస్తున్న వారాన్ని చదువుతోంది. గురువారం ధర 150 చుట్టూ ఉంది కాబట్టి గడి పచ్చబడింది. అసలు ఈఎంఏ గీత కూడా నిలకడగా లేదు. 20 వారాల ఈఎంఏలో తాజా క్యాండిల్ వాటా 21లో 2 వంతులు. అందుకే ధర 151 ఉన్నప్పుడు గీత 146.5 దగ్గర కనిపించి, వారం 141కి ముగిశాక 145.5 దగ్గర స్థిరపడింది. ఇంకా మూడు రోజులు మారబోయే రంగును మీరు ట్రెండ్ అని చూపించి, దాని మీద ఎంట్రీ ఇచ్చారు. ట్రేడర్లు దీన్నే రీపెయింట్ అంటారు.

దీనికంటే పెద్ద నష్టం బ్యాక్‌టెస్ట్‌లో జరుగుతోంది. చందా కట్టే ముందు మీరు చూపించే విన్ రేట్ పాత చార్ట్ మీద లెక్కించినదే. ఆ చార్ట్‌లో గురువారం నాటి గంట క్యాండిల్‌కు కూడా ఆదివారపు ముగింపు ముందే తెలిసి ఉంటుంది. నాలాంటి సిగ్నల్ వారాంతంలో తిరగబడితే అది లెక్కలోంచే మాయమవుతుంది. వారమంతా నిలిచిన సిగ్నల్ మాత్రం ఉండిపోతుంది. అంటే ఓడిన ట్రేడ్లలో చాలా భాగం తీసేసి, మిగిలినవాటితో గెలుపు శాతం కడుతున్నారు. ఆ శాతం చూసే నేను చందా కట్టాను. మీ బ్యాక్‌టెస్ట్‌లో ఈ ట్రేడ్ అసలు లేదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. పైన్ స్క్రిప్ట్ రాసేవాళ్లు వీక్లీ విలువను ఇలా తీసుకుంటారు:

```
wClose = request.security(syminfo.tickerid, "W", close[1], lookahead=barmerge.lookahead_on)
wEma = request.security(syminfo.tickerid, "W", ta.ema(close, 20)[1], lookahead=barmerge.lookahead_on)
```

ఇందులో ప్రాణమంతా `[1]`లో ఉంది. ముగిసిన వారాన్నే తీసుకోమని చెప్పేది అదే. అది తీసేసి `lookahead_on` ఒక్కటే ఉంచితే, పాత చార్ట్‌లో భవిష్యత్తు ధర ముందుకు వచ్చేస్తుంది. మీ కోడ్ ఏ భాషలో ఉన్నా లోపం ఈ రకందే అయి ఉండాలి. ఈ నియమం పాటించి ఉంటే గురువారం 143నీ 146నీ పోల్చేవారు, వీక్లీ గడి ఎర్రగా ఉండేది, బాణం వచ్చేదే కాదు. ముగిసిన వారం కోసం ఆగితే ట్రెండ్ మారిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి మంచి కదలికలో సగం చేజారుతుంది. అది నాకూ తెలుసు. ఆ ఆలస్యం వద్దనుకునేవాళ్లకు నడుస్తున్న వారాన్ని వేరే రంగులో, 'ఇంకా ముగియలేదు' అని రాసి చూపించండి. ఏది ఎంచుకోవాలో మేం చూసుకుంటాం.

ఇంకో మాట. మీ డైలీ క్యాండిల్ మన అర్ధరాత్రికి మొదలవుతోంది, వీక్లీ మాత్రం సోమవారం 5:30కి. అలాంటప్పుడు ఏడు డైలీ క్యాండిళ్లు కలిపినా మీ వారం రాదు. రెండింటికీ ఒకే వేళ పెట్టండి.

మీ కస్టమర్ కేర్‌కు రాస్తే 'క్రిప్టో మార్కెట్ రిస్కులకు లోబడి ఉంటుంది' అని జవాబిచ్చారు. నేనడిగింది మార్కెట్ గురించి కాదు, వచ్చిన సిగ్నల్ చార్ట్‌లోంచి ఎందుకు పోయిందని. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకునే వీలు లేదు, లాభం మీద 30 శాతం పన్ను తప్పదు. ఇక్కడ ఒక్కో తప్పుడు సిగ్నల్ ఎంత బరువో మీకు తెలియనిది కాదు.

కాబట్టి నేను కోరేవి: వీక్లీ గడి ముగిసిన క్యాండిల్‌నే చదివేలా మార్చండి. ఒకసారి వచ్చిన బాణాన్ని, ఓడినా గెలిచినా, చార్ట్‌లో అలాగే ఉంచండి. విన్ రేట్‌ను ఆ రకంగా మళ్లీ లెక్కించి, అంతవరకూ పాత శాతాన్ని అమ్మకపు పేజీ నుంచి తీసేయండి. నా చందా మొత్తం వాపసు ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఇవే స్క్రీన్‌షాట్లతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ చందాదారు,
విజయవాడ

జతచేసినవి: గురువారం రాత్రి, సోమవారం ఉదయం తీసిన స్క్రీన్‌షాట్లు, ట్రేడ్ రసీదు, చందా రసీదు, కస్టమర్ కేర్ జవాబు.