పెనం సీజనింగ్ పేజీలను ఎందుకు కలిపేశాం

“పార్సిల్‌లో వచ్చిన కాగితం మీది కోడ్ స్కాన్ చేస్తే ఇదివరకు చదివిన పేజీ రావడం లేదు, వేరేది తెరుచుకుంటోంది. పాతది తీసేశారా?”

అందులోని విషయమంతా కొత్త పేజీలోకి వచ్చి చేరింది. ‘ఇనుప పెనం సీజనింగ్’ అని గూగుల్‌లో వెతికితే మన సైటు నుంచే మూడు వ్యాసాలు పోటీకి దిగుతున్నాయి. ఒకటి కొత్త పెనాన్ని కడిగి సిద్ధం చేయడం గురించి, రెండోది దోశ అంటుకోకుండా నూనె పట్టించడం గురించి, మూడోది తుప్పు వదిలించడం గురించి.

గూగుల్ వెతుకులాటల్లో మన పేజీలు ఎలా కనిపిస్తున్నాయో చూపే సెర్చ్ కన్సోల్‌లో ఆ ఒక్క మాటను ఎంచుకుని పేజీల జాబితా తెరిస్తే మూడు చిరునామాలూ కనిపించాయి. అంతమాత్రాన కంగారు పడనక్కర్లేదు. ఒకే వెతుకులాటకు రెండు పేజీలు పైన నిలిస్తే అది లాభమే. కానీ తేదీలవారీగా చూస్తే ఒకటి పైకి వచ్చినప్పుడల్లా మరొకటి కిందికి జారుతోంది, ఏదీ కుదురుగా నిలవడం లేదు. అంతకన్నా నన్ను బాధించింది మరొకటి. నూనె వ్యాసానికి నేరుగా వచ్చినవారికి, తుప్పు పట్టకుండా తయారీలో పూసిన నూనెను ముందు కడిగేయాలన్న సంగతి తెలియడం లేదు. అది మొదటి వ్యాసంలో ఉండిపోయింది.

మొదటి రెండింటికీ వచ్చేవారి అవసరం ఒకటే కాబట్టి వాటిని కలిపాం. లింకులు ఎక్కువగా ఉన్న చిరునామానే ఉంచి, రెండోదాన్ని శాశ్వతంగా దానికే మళ్లించాం:

```
Redirect 301 /dosa-penam-nune /inupa-penam-seasoning
```

ఊరికే తొలగిస్తే మీ కాగితం మీది కోడ్ ఖాళీ పేజీకి వెళ్లేది. ఒకేలాంటి పేజీల్లో అసలైనది ఇదేనని చెప్పే కెనానికల్ ట్యాగుతో సరిపెట్టవచ్చని కొందరు అన్నారు. అది గూగుల్‌కు ఇచ్చే సూచన మాత్రమే, దాదాపు ఒకేలా ఉన్న పేజీలకు పనికొస్తుంది. మనవి వేర్వేరు వ్యాసాలు. సైటులోని పాత లింకులనూ, సైట్‌మ్యాప్‌నూ కూడా మార్చాం. పాత చిరునామాను మాత్రం, ఏ పేజీల జోలికి రాకూడదో గూగుల్‌కు చెప్పే robots.txt లో అడ్డుకోలేదు, అడ్డుకుంటే గూగుల్‌కు ఆ మళ్లింపు కనబడదు.

తుప్పు వ్యాసం జోలికి పెద్దగా పోలేదు. తుప్పు పట్టిన పెనం చేతిలో పట్టుకున్న మనిషికి కావలసింది వేరు. దాని శీర్షికలోంచి ‘సీజనింగ్’ తీసేసి, తుప్పు వదిలాక చేయాల్సిన పనికి కొత్త పేజీ లింకు ఇచ్చాం.

గూగుల్ ఈ మార్పును పూర్తిగా గుర్తించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోగా ఫలితాల్లో పాత శీర్షిక కనిపించినా నొక్కండి, కొత్త పేజీకే వెళ్తుంది. ఫలితం తేల్చేటప్పుడు ఆ మాటకు సైటు మొత్తానికి వచ్చిన క్లిక్కులనే పోల్చి చూస్తాం. ఒక్క పేజీని చూస్తే, పక్కదాని నుంచి వచ్చి చేరినవి కూడా పెరుగుదలలా కనిపిస్తాయి. మళ్లింపును కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మీ వంటింట్లో ఆ కాగితాలు ఇంకా ఉంటాయి కాబట్టి మేము దాన్ని తీసేయము.

కోడ్ స్కాన్ చేసినప్పుడు పెనానికి సంబంధం లేని పేజీ ఏదైనా తెరుచుకుంటే, ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి.