టైపింగ్ పరీక్షలో కీలు కాదు, తెర మీది అక్షరాలు లెక్కపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కార్యాలయాల్లో తెలుగు టైపింగుకు ఫొనెటిక్ మేలా, కీలకు నేరుగా తెలుగు అక్షరాలే కేటాయించిన ఇన్‌స్క్రిప్ట్ మేలా అన్న వాదన ఎప్పుడూ ఇష్టాయిష్టాల దగ్గరే ఆగిపోతోంది. ఒక్క పేరును రెండు పద్ధతుల్లోనూ కొట్టి చూస్తే అసలు తేడా తెలుస్తుంది.

"వెంకటరమణ" తీసుకుందాం. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్‌లో ఇది `veMkaTaramaNa`. 13 కీలు, అందులో మూడింటికి షిఫ్ట్ కావాలి, మొత్తం 16 నొక్కులు. ఇన్‌స్క్రిప్ట్‌లో వ, ఎత్వం, సున్న, క, ట, ర, మ, ణ: ఎనిమిది కీలు, ణకారానికి ఒక షిఫ్ట్, మొత్తం తొమ్మిది. తలకట్టు కోసం ప్రతి హల్లు వెనకా `a` కొట్టే పని ఇందులో లేదు. హల్లులు చాలావరకు కుడిచేతి కింద, గుణింతాలు ఎడమచేతి కింద ఉంటాయి కాబట్టి రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి.

వేగం కంటే ముఖ్యమైంది తప్పు ఎలా పడుతుందన్నది. ఫొనెటిక్‌లో షిఫ్ట్ సరిగా పడకపోతే ట కాస్తా త అవుతుంది, ణ కాస్తా న అవుతుంది. "వెంకతరమన" అని పడినా హడావుడిలో కంటికి ఆనదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ట, త వేర్వేరు కీల మీద ఉన్నాయి. ణ ఉన్నది మ కీ మీద. అక్కడ షిఫ్ట్ తప్పితే "వెంకటరమమ" అని పడుతుంది, వెంటనే పట్టుబడుతుంది. ధ్రువపత్రాల్లో, భూమి రికార్డుల్లో పేర్లు ఎక్కించే చోట ఈ తేడా చిన్నది కాదు. కంప్యూటరుకు న వేరు, ణ వేరు. తప్పుగా ఎక్కిన పేరు తర్వాత వెతికితే దొరకదు.

చిన్నక్షరాలతో కొడితే తానే పదం సూచించే ఫొనెటిక్‌లు ఇంకో రకం. తరచుగా వాడే పేర్లను అవి బాగానే ఇస్తాయి. ఇంటిపేర్లు, ఊరిపేర్లు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. `kota` అని కొడితే కోట, కోత, కోటా అన్నీ రావచ్చు. చూపు కాగితం మీంచి తెర మీదికి వెళ్లి, సరైనది ఎంచుకుని, మళ్లీ కాగితం మీద వరస వెతుక్కోవాలి. చూడకుండా కొట్టే నేర్పు అక్కడే ఆగిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లోనూ లోపాలున్నాయి, దాచనక్కర్లేదు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఒకే అమరిక కావాలని దీన్ని తయారుచేశారు. హిందీలో హ్రస్వ ఎ, ఒ లేవు. అందుకే మనం అడుగడుగునా వాడే ఎత్వం `Z` కీ మీదికి, ఒత్వం ఎడమ పైమూలన `1` పక్కనున్న కీ మీదికి పోయాయి. "కొత్త" అన్నప్పుడల్లా చిటికెనవేలు అంత దూరం సాగాలి. ల–ళ, స–శ జతలు ఒకే కీ మీద ఉన్నాయి కాబట్టి "కల", "కళ" తారుమారయ్యే ప్రమాదం ఇక్కడా ఉంది. ఒత్తుకు ముందు పొల్లు కొట్టాలి కాబట్టి "స్త్రీ"కి ఆరు కీలు పడతాయి. ఫొనెటిక్‌లో `strI`, షిఫ్ట్‌తో కలిపి అయిదే. పైగా ఫొనెటిక్ నుంచి మారేవారికి కీల చోట్లు చేతికి అలవాటయ్యేదాకా వేగం బాగా పడిపోతుంది. అప్పుడప్పుడు నాలుగు ముక్కలు రాసుకునేవారికి ఆ కష్టం అనవసరం, వారికి ఫొనెటిక్ చాలు. రోజంతా పేర్లు ఎక్కించే ఉద్యోగి సంగతి వేరు.

ఇక పరీక్షల మాట. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ లెక్కలో ఇంగ్లీషుకు నిమిషానికి 35 పదాలంటే గంటకు 10,500 కీ నొక్కులు, హిందీకి 30 పదాలంటే 9,000. అంటే పదానికి అయిదు. తెలుగు పరీక్షల్లో నొక్కిన కీలనే కొలతగా పెట్టుకుంటే అన్యాయం జరుగుతుంది. అదే పేరును 16 నొక్కులతో కొట్టినవారికి వేగం ఎక్కువున్నట్టు, తొమ్మిదితో ముగించినవారికి తక్కువున్నట్టు తేలుతుంది. తెర మీద సరిగా పడిన యూనికోడ్ అక్షరాలను లెక్కపెడితే ఈ చిక్కే ఉండదు. యూనికోడ్‌లో ఎత్వం, సున్న కూడా విడి అక్షరాలే కాబట్టి "వెంకటరమణ"లో అవి ఎనిమిది, ఏ పద్ధతిలో కొట్టినా ఎనిమిదే.

నియామక సంస్థలకు విన్నపం ఇది. అభ్యర్థి తనకు వచ్చిన అమరికను ఎంచుకోనివ్వండి, వేగాన్ని మాత్రం యూనికోడ్ అక్షరాల్లో కొలవండి. ఇచ్చే పాఠంలో వ్యాసం ముక్కతో పాటు ట–త, ణ–న, ళ–ల, శ–స ఉన్న ఇంటిపేర్లు, ఊరిపేర్ల పట్టిక కూడా పెట్టండి, దానికి మార్కులు విడిగా వేయండి. విండోస్ 10, 11లో తెలుగు భాషతో పాటు ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు రెండూ చేర్చుకోవచ్చు, విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు. పరీక్షా కేంద్రాలు ఇందుకోసం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ఇట్లు,
తెలుగు టైపింగ్ బోధకుడు,
వరంగల్