పాత పేజీ చూపించింది మేమే

"మీ హెల్ప్ పేజీలో ఉన్నట్టే చేసేను బాబూ. మరి రెండు కౌంటర్లలోనూ ఒకే బిల్లు నంబర్లు ఎందుకొచ్చేయి?"

గాజువాకలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్న మన కస్టమర్ ఒకాయన ఏప్రిల్‌లో ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఆయన షాపులో ఉన్నది మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్. గూగుల్‌లో వెతికితే ఆయనకు దొరికింది మూడో వెర్షన్ పేజీ. రెండింటికీ తేడా తెలిసేలా ఆ పేజీ మీద మేము ఒక్క ముక్క కూడా రాయలేదు.

మూడో వెర్షన్‌లో కొత్త ఆర్థిక సంవత్సరానికి బిల్లు నంబరు 1 నుంచి మొదలుపెట్టి, దాని కింద గడిలో కౌంటర్‌కో అక్షరం ఇవ్వాలి. అప్పుడు ఒక కౌంటర్‌లో A1, రెండో దాంట్లో B1 వస్తాయి. నాలుగో వెర్షన్‌లో ఆ గడిని 'కౌంటర్లు' అనే వేరే స్క్రీన్‌లోకి మార్చాం. ఆయన రెండు కంప్యూటర్లలోనూ 1 పెట్టారు, గడి కోసం వెతికారు, కనపడకపోతే ఇప్పుడు అక్కర్లేదేమో అనుకుని బేరాల్లో పడిపోయారు. రెండు చోట్లా 1 నుంచి 19 దాకా బిల్లులు పోయాయి. జీఎస్టీ నియమం ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక బిల్లు నంబరు రెండోసారి రాకూడదు. ఆడిటర్ గారు చెప్తేగానీ సంగతి బయటపడలేదు. అసలు ఒకే నంబరు రెండు చోట్ల వస్తుంటే సాఫ్ట్‌వేరే ఆపాలి. అది ఇంకో తప్పు, వచ్చే అప్‌డేట్‌లో సరిచేస్తున్నాం.

పాత పేజీలు గూగుల్‌లో రాకూడదని మేము ముందే రెండు పనులు చేశాం. `robots.txt`లో ఇలా రాశాం:

```
User-agent: *
Disallow: /v3/
```

ప్రతి పాత పేజీలోనూ ఇది పెట్టాం:

```
<meta name="robots" content="noindex">
```

రెండు తాళాలు వేశాం కదా అని ధీమాగా ఉన్నాం. నిజానికి మొదటి తాళమే రెండోదాన్ని పనిచేయనివ్వలేదు. మొదటిది గూగుల్‌ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. "నన్ను చూపించకు" అన్న చీటీ ఉన్నది గదిలోపల. లోపలికే రానివాడు చీటీ ఎలా చదువుతాడు? బయట ఎవరో ఇచ్చిన లింకులను బట్టి ఆ పేజీలు జాబితాలో అలాగే ఉండిపోయాయి. వెతికినప్పుడు పేజీ పేరు వచ్చి, దాని కింద వివరం ఏమీ రాకపోవడమే దీనికి గుర్తు. అది మాకు చాలాసార్లు కనిపించింది, పట్టించుకోలేదు.

ఇప్పుడు `Disallow` వరస తీసేశాం, `noindex` ఉంచాం. గూగుల్ మళ్లీ ఒక్కో పేజీకీ వచ్చి చూసుకోవాలి కాబట్టి అన్నీ ఒక్కరోజులో పోవు. పాత పేజీలను పూర్తిగా తీసేయలేదు, మూడో వెర్షన్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో F1 నొక్కితే వాళ్ల వెర్షన్ పేజీయే తెరుచుకుంటుంది. ప్రతి పాత పేజీ పైన పసుపు పట్టీలో "ఇది 3వ వెర్షన్‌కి" అని ఉంటుంది, పక్కనే కొత్త పేజీకి దారి ఉంటుంది. మీ వెర్షన్ నంబరు స్క్రీన్ కింద ఎడమ మూల కనిపిస్తుంది. పేజీ మీదున్న నంబరు దానితో కలవకపోతే అక్కడే ఆగిపోండి.

అసలాయన గూగుల్ దాకా ఎందుకు వెళ్లారంటే, మా సైట్‌లో వెతికితే ఏమీ రాలేదు. ఆయన కొట్టింది `kotha bill book`. మేము రాసుకున్న పేరు 'ఇన్‌వాయిస్ సిరీస్'. విశాఖలో ఏ షాపులో అంటారు ఆ మాట? ఫలితం రాని వెతుకులాటలన్నీ తీసి చదివితే సగానికి సగం ఇలాంటివే. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ. కొత్త బిల్లు బుక్కు, నంబరు మళ్లీ ఒకటి, ఏప్రిల్ బిల్లు అని ఎలా కొట్టినా ఇప్పుడు ఆ పేజీకే వెళ్తుంది. ఇంకా దొరకని మాటలుంటాయి. వాటిని ప్రతి సోమవారం చూసి కలుపుతున్నాం.

ఫోన్ నంబరును మూడు పేజీల వెనక దాచింది కూడా మేమే, కాల్స్ తగ్గుతాయని. తగ్గాయి, ఇలాంటి గొడవలు పెరిగాయి. ఇప్పుడు ప్రతి పేజీ కిందా నంబరుంది, పక్కన ఒక చిన్న ఫారం ఉంది. F1 నుంచి వచ్చి ఆ ఫారం పంపితే మీ వెర్షన్, మీరు చదువుతున్న పేజీ పేరు వాటంతటవే మాకు చేరతాయి. మీ బిల్లులు, కస్టమర్ల వివరాలు ఏవీ రావు. సపోర్ట్‌లో ఉన్నది ఇద్దరమే, ఉదయం 10 నుంచి రాత్రి 7 దాకా. జీఎస్‌టీఆర్-1 వేసే రోజులు కాబట్టి నెలలో 9, 10, 11 తేదీల్లో మాత్రం లైన్ దొరకడం కష్టం, ఫారమే మేలు.

మా చేతిలో లేనిది ఒకటుంది. మూడో వెర్షన్ రోజుల్లో మేమే ప్రింట్ తీసి మీ కౌంటర్ పక్కన గోడకు అంటించిన కాగితాలు. మీ దగ్గర అది ఇంకా ఉంటే దయచేసి చింపేయండి. కొత్తది కావాలంటే ఫారంలో ఒక ముక్క రాయండి, పూర్ణా మార్కెట్ వైపు వచ్చినా గాజువాక వైపు వచ్చినా మా అబ్బాయి తెచ్చి అంటిస్తాడు.